అన్నయ్య 24 లక్షలంటాడు, చెల్లెలు 52 లక్షలంటుంది: ప్రైవేట్ కంపెనీ షేరుకి రేటు ఎలా కడతారు?

లిస్టెడ్ కంపెనీ షేరు రేటు తెలుసుకోవాలంటే ఫోన్‌లో యాప్ తీస్తే చాలు. కానీ మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఉండే రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, చేపల ప్యాకింగ్ యూనిట్లలో చాలావరకు ఇంటివాళ్ళు నడిపే సంస్థలే. వాటిలో ప్రైవేట్ లిమిటెడ్‌గా ఉన్నవాటి షేర్లు ఏ యాప్‌లోనూ కనపడవు. వాటాదారుల్లో ఒకరు "నా షేర్లు అమ్మేస్తాను" అన్న రోజున రేటు ఎవరు చెప్పాలి? ఈ ఎపిసోడ్‌లో ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. కంపెనీ ఊహించుకున్నదే, కానీ ఇలాంటి బ్యాలెన్స్ షీట్ మన దగ్గర ఏ ఆడిటర్ బల్ల మీదైనా కనపడుతుంది.

కంపెనీ ఇది. తాడేపల్లిగూడెంలో హైవే దగ్గర ఐస్ ప్లాంట్, చేపల ప్యాకింగ్ షెడ్. కైకలూరు వైపు లీజుకి తీసుకున్న కొన్ని చెరువులు. మొత్తం 10,000 షేర్లు, ఒక్కోదాని ముఖ విలువ 100 రూపాయలు. అన్నయ్యకి 5,000, తమ్ముడికి 3,000, చెల్లెలికి 2,000. చెల్లెలు హైదరాబాద్‌లో ఉంటుంది, తన 2,000 షేర్లు అన్నయ్యకి అమ్మేద్దామనుకుంటోంది.

మొదటి పద్ధతి: నికర ఆస్తుల పద్ధతి

ఐడియా సింపుల్. ఈరోజు కంపెనీ ఆస్తులన్నీ లెక్కేసి, అప్పులన్నీ తీసేస్తే ఎంత మిగులుతుంది? దాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తాం.

పుస్తకాల్లో ఇలా ఉంది. స్థలం, షెడ్లు 40 లక్షలు. మెషినరీ 45. చెరువుల అభివృద్ధి ఖర్చు 15. స్టాకు 20. రావాల్సిన బాకీలు 70. బ్యాంకులో 10. మొత్తం 2 కోట్లు. అప్పులు, ఇవ్వాల్సినవి కలిపి 90 లక్షలు. మిగిలింది 1 కోటి 10 లక్షలు, అంటే షేరుకి 1,100 రూపాయలు.

ఇక్కడే ఆగిపోతే తప్పు. ఎందుకంటే పుస్తకాల్లో ఉన్నది కొన్నప్పటి ధర, ఇప్పటి ధర కాదు. ఒక్కొక్కటీ తీసి చూడాలి.

స్థలం ఎప్పుడో కొన్నది. ఇప్పుడు స్థలం, షెడ్లు కలిపి 2 కోట్ల 40 లక్షలు పలుకుతాయి. అంటే 2 కోట్లు కలపాలి.

చెరువుల సంగతి చూడండి. మన ఏరియాలో అసలు మెలిక ఇదే. 1999 అక్టోబరులో ప్రభుత్వం జీవో 120తో కొల్లేరులో 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లు తెంచేశారు. కాబట్టి మన కంపెనీ చెరువులు 5వ కాంటూరు లోపల ఉంటే, గట్లకీ తూములకీ పెట్టిన 15 లక్షలు పుస్తకంలో ఆస్తి, నిజంలో సున్నా. కొనేవాడు సర్వే నంబర్లు అడిగి కాంటూరు మ్యాప్‌తో చూసుకోవాలి. మన ఉదాహరణలో లోపలే ఉన్నాయనుకుందాం. 15 లక్షలు తీసేద్దాం.

బాకీలు 70 లక్షల్లో 20 లక్షలు మూడేళ్ళుగా కదలనివి. ఇది కనిపెట్టడం తేలిక. మూడేళ్ళ బాకీల లిస్టులు పక్కపక్కన పెట్టి చూడండి. అదే పేరు, అదే మొత్తం ప్రతి ఏడాదీ ఉంటే ఆ డబ్బు వచ్చేది కాదు. ఇంకో 20 తీసేద్దాం.

చివరిది, పాత వర్కర్లకి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ 15 లక్షలు అసలు పుస్తకాల్లోకే ఎక్కలేదు. అది కూడా అప్పే కాబట్టి తీసేద్దాం.

ఇప్పుడు 110కి 200 కలిపి, 15, 20, 15 తీసేస్తే 260 లక్షలు. షేరుకి 2,600 రూపాయలు. చెల్లెలి 2,000 షేర్లకి 52 లక్షలు.

రెండో పద్ధతి: రాబడి పద్ధతి

అన్నయ్య వెంటనే ఏమంటాడు? "అమ్మా, నేనేమైనా స్థలం అమ్ముతున్నానా? ఐస్ అమ్ముకుంటున్నాను. ఈ కంపెనీ ఏడాదికి ఎంత సంపాదిస్తుందో దాన్ని బట్టి కదా రేటు?"

ఆయన మాటకి కోర్టు బలం ఉంది. 1972లో మహాదేవ్ జలాన్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే చెప్పింది. అది సంపద పన్ను కేసు. నడుస్తున్న ప్రైవేట్ కంపెనీ షేరుకి మామూలుగా లాభాల్ని బట్టి విలువ కట్టాలి, మూతపడే స్థితిలో ఉన్నప్పుడే ఆస్తులు విడగొట్టి చూసే లెక్క అని.

సరే, లాభం చూద్దాం. పన్ను పోగా గత మూడేళ్ళ లాభాలు 22, 31, 25 లక్షలు. రెండో ఏడు 31లో 9 లక్షలు తుఫాను నష్టానికి వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బు. అది ప్రతి ఏడాదీ రాదు కాబట్టి ఆ ఏడు 22 అనుకోవాలి. సగటు 23.

ఇంకొకటి. అన్నయ్య తెల్లవారుజాము నుంచి ప్లాంట్‌లోనే ఉంటాడు, జీతం మాత్రం నామమాత్రం. ఆయన బదులు ఒక మేనేజర్‌ని పెడితే పన్ను లెక్క పోను ఏడాదికి 5 లక్షలు అదనంగా అవుతుందనుకుందాం. అది కంపెనీ లాభం కాదు, అన్నయ్య కష్టం. తీసేస్తే 18 లక్షలు. షేరుకి 180 రూపాయలు.

ఇప్పుడు ప్రశ్న: ఇలాంటి వ్యాపారంలో డబ్బు పెట్టేవాడు ఎంత శాతం రాబడి ఆశిస్తాడు? 1990లో క్యాపిటల్ ఇష్యూస్ కంట్రోలర్ ఇచ్చిన మార్గదర్శకాల్లో తయారీ కంపెనీలకి 15 శాతం, ట్రేడింగ్‌కి 20 శాతం అని ఉండేది. ఇప్పుడు ఆ ఆఫీసు లేదు, కానీ ఆ 15 ఇంకా చాలా లెక్కల్లో కనపడుతుంది. 180ని 15 శాతంతో భాగిస్తే 1,200 రూపాయలు. చెల్లెలి వాటా 24 లక్షలు.

ఈ శాతం దగ్గర జాగ్రత్త. 12 శాతం వేస్తే షేరు 1,500 అవుతుంది, 20 వేస్తే 900కి పడిపోతుంది. లాభం మారలేదు, ఒక్క అంకె మారింది. అందుకే ఎవరైనా రాబడి పద్ధతిలో రేటు చెప్తే ముందు అడగాల్సింది "శాతం ఎంత వేశారు, ఎందుకు?" అని.

ఇంకా కిందకి లాగే దారి కూడా ఉంది. లాభం కాకుండా డివిడెండ్ చూడటం. కంపెనీ షేరుకి 30 రూపాయలే పంచుతోంది. 10 శాతం ఆశించే బయటివాడికి ఆ షేరు 300 రూపాయలే. వాడి కోణంలో అది తప్పు కాదు. 20 శాతం వాటాతో స్థలం అమ్మించలేడు, డివిడెండ్ పెంచించలేడు. వాడి చేతికొచ్చేది ఆ 30 రూపాయలే.

మూడో పద్ధతి: సముచిత విలువ

2,600కీ 1,200కీ మధ్య గొడవ కదా. పాత పద్ధతి రెండింటినీ కూడి సగం చేస్తుంది. (2,600 + 1,200) ÷ 2 = 1,900. చెల్లెలికి 38 లక్షలు. పైన చెప్పిన 1990 మార్గదర్శకాల్లోనూ ఆస్తుల విలువ, లాభాల విలువ సగటునే సముచిత విలువగా తీసుకున్నారు.

కానీ సగటు అంటే న్యాయం అని కాదు. రెండు లెక్కలకీ ఇంత తేడా ఎందుకొచ్చిందో వెతకండి. మన కంపెనీలో స్థలంలో సగం ఖాళీ. ఐస్ తయారీకి దానితో పనే లేదు, అది లేకపోయినా ఆ 18 లక్షల లాభం వస్తుంది. అంటే రాబడి లెక్కలో ఆ 1 కోటి 20 లక్షల ఖాళీ స్థలం అసలు కనపడలేదన్నమాట. వ్యాపారానికి అక్కర్లేని ఆస్తిని విడిగా కట్టి కలపాలి. షేరుకి 1,200 లాభాల విలువ, 1,200 ఖాళీ స్థలం విలువ, కలిపి 2,400. రేపు ఆ స్థలం అమ్మితే కంపెనీ కట్టాల్సిన పన్ను దీంట్లో తీసేయలేదు, కాబట్టి బేరంలో కొంత తగ్గడం సహజం.

ఇక కొనేది ఎవరో చూడండి. అన్నయ్య దగ్గర సరిగ్గా 50 శాతం ఉంది. ఒంటరిగా ఏ తీర్మానమూ నెగ్గించుకోలేడు. ఈ 2,000 షేర్లు వస్తే 70 శాతం, కంపెనీ ఆయన చేతిలో ఉన్నట్టే. అవే తమ్ముడు కొంటే ఇద్దరూ చెరి సగం. బయటివాడికి 300 రూపాయల షేరు, అన్నయ్యకి అంత చవక కాదు. "మైనారిటీ వాటా కదా, తగ్గించు" అని అన్నయ్య అంటే చెల్లెలు చెప్పాల్సిన జవాబు ఇదే.

పన్ను చట్టం వేసే నాలుగో లెక్క

ఇంట్లో అందరూ 1,900కి ఒప్పుకున్నారనుకోండి. పని అయిపోలేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 50సీఏ అనే సెక్షన్ 2017లో వచ్చింది. అన్‌లిస్టెడ్ షేర్లని నిబంధనల్లో చెప్పిన విలువ కంటే తక్కువకి అమ్మితే, ఆ విలువకే అమ్మినట్టు పన్ను లెక్కేస్తారు. ఆ లెక్క 11యూఏ రూల్‌లో ఉంది. స్థలాలకి స్టాంపు డ్యూటీ విలువ, మిగతా మామూలు ఆస్తులకి పుస్తక విలువ.

మన స్థలం, షెడ్ల స్టాంపు విలువ 1 కోటి 50 లక్షలు అనుకుందాం. 110లో పాత 40 తీసి 150 పెడితే సుమారు 220 లక్షలు, షేరుకి 2,200. రాని బాకీలు, ఎక్కించని గ్రాట్యుటీ ఇక్కడ తగ్గవు. అంటే చెల్లెలు 1,900 తీసుకుని 2,200కి పన్ను కట్టాలి. 2,000 షేర్ల మీద చేతికి రాని 6 లక్షల మీద పన్ను. రెండేళ్ళకి మించి ఉంచుకున్న షేర్లకి రేటు 12.5 శాతం కాబట్టి సుమారు 75,000 రూపాయలు, సెస్ అదనం. తక్కువకి కొన్నవాళ్ళ మీద పడే పన్నులో దగ్గరి బంధువులకి మినహాయింపు ఉంది కాబట్టి అన్నయ్య తప్పించుకుంటాడు. కానీ 50సీఏలో బంధువులకంటూ మినహాయింపు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు, సీఏతో మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకోండి.

కాబట్టి ఈ కేసులో 2,200 కంటే కిందకి దిగితే చెల్లెలికి రెండు రకాలుగా నష్టం, 2,400 దాకా అడగడానికి లెక్క ఉంది. బేరం ఆ 200 రూపాయల మధ్య జరగాలి.

ఎవరింట్లోనైనా ఇలాంటి అమ్మకం ఉంటే అన్నిటికన్నా ముందు కంపెనీ ఆర్టికల్స్ తీసి చదవండి. షేర్లు ముందు ఎవరికి ఇవ్వజూపాలి, రేటు ఎవరు తేల్చాలి అన్నది చాలా కంపెనీల్లో దాంట్లోనే రాసి ఉంటుంది. "ఆడిటర్ తేల్చిన సముచిత విలువ" అని ఉంటే, ఆడిటర్ లెక్క మొదలుపెట్టకముందే ఖాళీ స్థలం సంగతి, చెరువుల సంగతి కాగితం మీద రాసివ్వండి. రేటు వచ్చాక వాదించడం కష్టం.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మళ్ళీ కలుద్దాం.