రంగుల చక్రంలో ఎదురెదురు జంటలు

రంగుల చక్రాన్ని గుర్తుంచుకోవడానికి గడియారం చాలు. 12 దగ్గర పసుపు, 4 దగ్గర ఎరుపు, 8 దగ్గర నీలం ఉంటాయి. చిత్రకారులు వీటిని ప్రాథమిక రంగులంటారు. పసుపు, ఎరుపు కలిస్తే వచ్చే నారింజ 2 దగ్గర, ఎరుపు, నీలం కలిస్తే వచ్చే ఊదా 6 దగ్గర, నీలం, పసుపు కలిస్తే వచ్చే ఆకుపచ్చ 10 దగ్గర ఉంటాయి. మిగిలిన ఆరు అంకెల దగ్గర ఇరుగుపొరుగు రంగుల మిశ్రమాలు ఉంటాయి.

ఏ రంగు నుంచైనా చక్రానికి అడ్డంగా గీత గీస్తే దాని ఎదురు రంగు దొరుకుతుంది. పసుపుకు ఊదా, నారింజకు నీలం, ఎరుపుకు ఆకుపచ్చ. ఎదురు రంగులను కుంచెతో కలిపితే రెండూ చచ్చి మట్టిరంగు మిగులుతుంది. పక్కపక్కన పెడితే మాత్రం రెండూ మెరుస్తాయి.

ఈ మెరుపు రంగులో లేదు, చూపులో ఉంది. తెల్ల కాగితం మీద ఎర్రటి స్టిక్కర్ బొట్టు అంటించి, అర నిమిషం రెప్ప వాల్చకుండా చూసి, ఆ తర్వాత తెల్లగోడ వైపు చూస్తే అక్కడ నీలి ఛాయ గల లేత ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. ఎరుపుకు స్పందించే కణాలు కంట్లో ఆ ఒక్కచోట అలసిపోవడంతో మిగతా వాటిది పైచేయి అవుతుంది.

పక్కపక్కనున్న రంగులను చూసేటప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. చూపు ప్రతి రంగునూ దాని పక్క రంగుతో పోల్చి తేడాను పెంచి చూపిస్తుంది. అందువల్ల ప్రతి రంగూ తన పక్కదాన్ని తన ఎదురు రంగు వైపు నెడుతుంది.

ఫ్రాన్స్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు ఇది ఒక ఫిర్యాదు వల్ల తెలిసింది. నీలం, ఊదా రంగుల పక్కన నేసిన నలుపు వెలవెలబోతోందని అన్నారు. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలం ఆ నలుపు మీద నారింజ ఛాయ పడినట్టు కనిపించేలా చేస్తోంది. ఈ పరిశీలనలను ఆయన 1839లో పుస్తకంగా వెలువరించారు.

ఆకుపచ్చ పట్టుచీరకు ఎర్ర అంచు వేస్తే ఎరుపు ఆకుపచ్చను ఇంకా పచ్చదనం వైపే నెడుతుంది. ఆకుపచ్చ కూడా ఎరుపును ఇంకా ఎర్రగా చూపిస్తుంది. అదే అంచు నారింజ చీరకు వేస్తే నారింజ పసుపు వైపు జరిగినట్టుంటుంది, ఎరుపు కాస్త ఊదా వైపు మొగ్గుతుంది.

అయితే రెండు రంగులూ ఒకే వెలుగుతో, ఒకే గాఢతతో ఉంటే వాటి హద్దు అదురుతున్నట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర అక్షరాలు చదవడం కష్టమయ్యేది అందుకే. ఒకదాన్ని ముదురు చేసినా, రెండింటి మధ్య జరీ గీతలాంటిది వేసినా ఆ అదురు తగ్గుతుంది. గళ్లు మరీ సన్నమైతే దూరం నుంచి రెండు రంగులూ కంట్లోనే కలిసిపోయి మసకబారతాయి. ఎదురు రంగులు మెరవాలంటే ఒక్కోదాన్నీ కన్ను విడిగా పట్టుకోగలిగినంత వెడల్పు ఉండాలి.