బిల్లు నంబర్ల మధ్య ఖాళీలు: ఆడిటర్‌కి ఏం చూపించాలి?

అమ్మకాల పద్దులో 417 తర్వాత 419 కనిపిస్తే ఆడిటర్ అక్కడ ఆగుతాడు. నంబరు తప్పిపోయిందని కాదు అతని అనుమానం. ఆ నంబరు మీద సరుకు వెళ్లి, డబ్బు వచ్చి, బిల్లు మాత్రం చింపేశారేమోనని. అందుకే ‘పాడైపోయిందండీ’ అన్న ఒక్క మాట అతనికి చాలదు. అమ్మకం జరగలేదని చూపే కాగితం కావాలి.

జీఎస్టీ నిబంధనల్లో 46వ రూలు ప్రకారం బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వాడిన నంబరు మళ్లీ రాకూడదు. అయితే బిల్లు పాడవడం, రద్దవడం మామూలేనని చట్టానికీ తెలుసు. జీఎస్టీఆర్-1 రిటర్నులో 13వ టేబుల్ ఉన్నది అందుకే. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వాడారు, అందులో ఎన్ని రద్దయ్యాయి, నికరంగా ఎన్ని మిగిలాయి అన్నది అక్కడ రాయాలి.

విజయవాడలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉందనుకుందాం. వాళ్లు చేత్తో రాసే బిల్లు బుక్కులే వాడతారు. ఆ నెల 401 నుంచి 487 వరకు, అంటే 87 బిల్లులు వాడారు. పద్దులోకి ఎక్కినవి 83. లేనివి 418, 433, 451, 466.

418 సంగతి తేలిక. కార్బన్ తిరగేసి పెట్టడంతో కింది కాపీలో ఏమీ పడలేదు. సరుకు అమ్మేవాళ్లు బిల్లు మూడు కాపీలు రాయాలి: ఒకటి కొన్నవాళ్లకి, ఒకటి రవాణాదారుకి, ఒకటి దుకాణానికి. ఆ మూడూ బుక్కులోనే ఉన్నాయి, అడ్డంగా గీత కొట్టి ‘రద్దు’ అని రాసి, తేదీ వేసి, యజమాని సంతకం చేశాడు. 433లో కొన్నవారి జీఎస్టీ నంబరు తప్పు పడింది. దాని మీద ‘బదులు బిల్లు 434’ అని ఉంది, 434లో అదే సరుకు, అదే మొత్తం కనిపిస్తున్నాయి. ఈ రెండింటి దగ్గర ఆడిటర్ ఎక్కువసేపు ఉండడు. ఒరిజినల్ కాపీ దుకాణంలోనే ఉందంటే అది కొన్నవాడి చేతికి వెళ్లలేదని అర్థం. రద్దుకి దానికి మించిన సాక్ష్యం లేదు.

451 మరో రకం. 62,000 రూపాయల వైరు బిల్లు రాశారు, ఈ-వే బిల్లు కూడా తీశారు, లారీ ఎక్కించకముందే కొన్నవాళ్లు వద్దన్నారు. ఇక్కడ మూడు కాపీలతో పాటు ఈ-వే బిల్లు కూడా రద్దయి ఉండాలి. దానికి 24 గంటలే గడువు. అది పోర్టల్లో బతికే ఉంటే సరుకు కదిలిందనే ఎవరైనా అనుకుంటారు. నిజంగానే సరుకు వెళ్లి తిరిగొచ్చి ఉంటే అసలు బిల్లు రద్దు చేయకూడదు. దాన్ని అలాగే ఉంచి క్రెడిట్ నోటు ఇవ్వాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

చిక్కంతా 466తోనే. బుక్కులో మూడు కాగితాలూ లేవు, చింపిన మొదళ్లు మాత్రం ఉన్నాయి. పాత తేదీ వేసి కొత్తగా ఒక కాపీ పుట్టించాలన్న ఆలోచన దయచేసి రానివ్వకండి. పోయిన కాగితం గురించి అడిగే ప్రశ్న, దొంగ కాగితం దొరికాక మిగతా 83 బిల్లుల మీదికీ వస్తుంది. 465, 467 రెండూ ఒకే రోజువి కాబట్టి వెతకాల్సింది ఆ ఒక్క రోజే. ఆ రోజు స్టాకు పుస్తకంలో బిల్లు లేకుండా తగ్గిన సరుకు ఉందా, నగదులో, బ్యాంకులో లెక్కకు అందని జమ ఉందా, 466 నంబరుతో ఈ-వే బిల్లు తీశారా చూడాలి. ఏదైనా తేలితే అది అమ్మకమే, పన్ను కట్టాల్సిందే. ఏమీ తేలకపోతే ఏమేం చూశారో రాసి, రాసిన నాటి తేదీతోనే యజమాని సంతకం చేసి ఆడిటర్‌కి ఇవ్వాలి. అయినా అతను పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు, తన నోట్సులో రాసుకోవచ్చు. మొదటి మూడింటికీ ఉన్న బలం దీనికి రాదు.

ఏమీ తేలలేదనుకుంటే 13వ టేబుల్‌లో మొత్తం 87, రద్దు 4, నికరం 83 అని పడుతుంది. బిల్లు బుక్కుతో ఈ అంకెలు కలవాలి.

కంప్యూటర్ బిల్లులకైనా పద్ధతి ఇదే. ట్యాలీలో Alt+X నొక్కితే బిల్లు రద్దవుతుంది, నంబరు నిలుస్తుంది. Alt+D నొక్కితే బిల్లే చెరిగిపోతుంది. నంబర్ల సెట్టింగును బట్టి ఆ తర్వాతి బిల్లుల నంబర్లు ముందుకు జరిగి, కొన్నవాళ్ల దగ్గరున్న ప్రింటుతో కలవకుండా పోవచ్చు. ఈ-ఇన్వాయిస్ ఇచ్చేవాళ్లు పోర్టల్లో 24 గంటల్లోపే రద్దు చేయగలరు, ఆ నంబరుతో మళ్లీ ఇంకో ఇన్వాయిస్ తీయలేరు.

రద్దయిన కాపీలను విడిగా ఫైల్లో పెట్టకుండా బుక్కులోనే వాటి వరుసలో ఉంచితే వెతుకులాట తప్పుతుంది. ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఆ బుక్కులు దాచాలి.