పైనుంచి నొక్కాలా, లోపల్నుంచి పీల్చాలా?

విశాఖ నుంచి విదేశాలకు వెళ్ళే రొయ్యల్లో కొన్నిటిని వాక్యూమ్ ప్యాకెట్లలో సర్దుతారు. మెషీన్ లోపలి గాలిని లాగేయగానే ప్లాస్టిక్ సంచి రొయ్యలకు అతుక్కుపోయి రాయిలా బిగుస్తుంది. దాన్ని ఎవరూ చేత్తో నొక్కలేదు. లోపలి గాలి పోయింది కాబట్టి బయటి గాలి నొక్కింది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 10 టన్నుల బరువుతో ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. లోపల్నుంచీ అంతే ఒత్తిడి ఎదురు నిలుస్తుంది కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు. రేవుల్లో మెత్తటి బంకమన్నును గట్టిపరచడానికి ఇంజినీర్లు ఈ గాలి బరువునే వాడుకునే పద్ధతి ఒకటుంది. దానికి పోటీగా ఉన్నది చాలా పాత పద్ధతి: మట్టి గుట్ట పోసి, నెలల తరబడి అలాగే ఉంచి, తర్వాత తీసేయడం.

విశాఖ లోపలి రేవు ఉన్నచోట ఒకప్పుడు ఆటుపోట్లకు మునిగి తేలే చిత్తడి నేల ఉండేది. మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే ఆ బాడవను తవ్వి, 1933లో రేవుగా ప్రారంభించారు. బయటి రేవు 1970లలో వచ్చింది. ఫిషింగ్ హార్బర్ దాని ఒడిలోనే ఉంది. ఇలాంటి తీరాల్లో పైన ఇసుకో, పోసిన మట్టో కనిపించినా, అడుగున చాలాచోట్ల నల్లటి సముద్రపు బంకమన్ను ఉంటుంది. అందులో 100 కిలోల ఎండు మట్టికి 70, 80 కిలోల నీరు ఉండటం మామూలే. దాని మీద బరువు పెడితే, మొదట ఆ బరువంతా మట్టి రేణువుల మధ్య ఉన్న నీరే మోస్తుంది. ఆ నీరు మెల్లగా బయటికి కారేకొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుంది. అప్పుడు మట్టి కుంగుతుంది, గట్టిపడుతుంది. ఈ లెక్కను 1920లలో తెర్జాగీ అనే ఇంజినీరు తేల్చిచెప్పాడు. మన రెండు పద్ధతులకూ పునాది అదే.

చేపల రేవులో ఈ కుంగుదల ఎక్కడ బయటపడుతుందో చెప్తాను. బోట్లు కట్టే జెట్టీ లోతుగా దిగిన పైళ్ళ మీద నిలబడుతుంది కాబట్టి కుంగదు. దాని వెనక వేలం షెడ్డు, ఐస్ ప్లాంటు, లారీలు తిరిగే యార్డు మట్టి మీద ఉంటాయి. అవి కుంగుతాయి. కొన్నేళ్ళకు జెట్టీకీ యార్డుకీ మధ్య ఒక మెట్టు ఏర్పడుతుంది. చేపల బుట్టలతో వచ్చే తోపుడు బండి అక్కడ ఎత్తేసినట్టు కుదుపుతుంది. కడిగిన నీళ్ళు డ్రెయిన్‌లోకి పోకుండా షెడ్డు మధ్యలో నిలుస్తాయి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. జెట్టీ వెనక 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు స్థలం ఉంది. దాని కింద 10 మీటర్ల బంకమన్ను, ఆ కింద ఇసుక. యార్డు వాడకంలోకి వచ్చాక చదరపు మీటరుకు 4 టన్నుల బరువు పడుతుంది. ఇలాంటి మట్టికి మామూలుగా తీసుకునే గుణాలతో లెక్కిస్తే, ఆ బరువుకు నేల చివరికి ఒక మీటరు దాకా కుంగుతుంది. నీరు పైకీ కిందికీ దానంతటదే కారి అందులో 90 శాతం కుంగుదల పూర్తి కావాలంటే సుమారు 20 ఏళ్ళు పడుతుంది.

అన్నేళ్ళు ఎవరూ ఆగలేరు. అందుకని రెండు పద్ధతుల్లోనూ మొదటి పని ఒకటే. అరచేయంత వెడల్పు, కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ వత్తులను మీటరుకొకటి చొప్పున మట్టిలోకి నిలువునా దించుతారు. సైట్లో వీటిని పీవీడీ అంటారు. నీరు అయిదు మీటర్లు నిలువునా ప్రయాణం చేసే బదులు, అర మీటరు పక్కకు జరిగితే వత్తిలో పడుతుంది. ఇక రెండో ఉపాయం, అసలు వచ్చే బరువుకు రెట్టింపు, అంటే 8 టన్నులు, ముందుగానే మోపడం. 8 టన్నులకు చివరి కుంగుదల మీటరున్నర. మనకు కావలసింది మీటరే కాబట్టి సుమారు 67 శాతం పూర్తయితే చాలు. వత్తులతో దానికి నాలుగు నెలలు పడుతుంది.

ఆ 8 టన్నులు ఎక్కడినుంచి తేవాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

గ్రావెల్ పోస్తే 4.4 మీటర్ల ఎత్తు గుట్ట కావాలి. పక్క వాలులతో కలిపి 14 వేల ఘనపు మీటర్లు దాటుతుంది. టిప్పరుకు 10 ఘనపు మీటర్లు అనుకుంటే 1,400కు పైగా ట్రిప్పులు లోపలికి, పని అయ్యాక దాదాపు అన్నీ తిరిగి బయటికి. వాలు కోసం స్థలం చుట్టూ మరో తొమ్మిది మీటర్లు వదలాలి. జెట్టీ పక్కన ఆ తొమ్మిది మీటర్లు ఉండవు. అంతకంటే పెద్ద చిక్కు మట్టి బలం. ఇంత మెత్తటి బంకమన్ను మీద ఒకేసారి మూడు మీటర్లు పోస్తే, అది కుంగడానికి బదులు విరిగి పక్కకు జారిపోతుంది. భద్రంగా పోయగలిగేది రెండు మీటర్లకు కాస్త తక్కువే. అది పోసి, నీరు కారి మట్టి కొంత గట్టిపడేదాకా ఆగి, మరో మీటరు, మళ్ళీ ఆగి మిగతాది. నాలుగు నెలల పని ఎనిమిది, తొమ్మిది నెలలవుతుంది.

విరగకపోయినా మట్టి పక్కకు ఒరుగుతుంది. కాలి కింద అడుసు వేళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చినట్టు, గుట్ట కింది మట్టి నీటివైపు తోసుకొస్తుంది. ఆ దారిలో ఉన్నవి జెట్టీ పైళ్ళు. పైనుంచి వచ్చే బరువు కోసం కట్టిన పైలును నడుము దగ్గర పక్కనుంచి నెడితే అది వంగుతుంది, పగులుతుంది. నేల లోపల జరిగేది కాబట్టి కంటికి కనిపించదు. గుట్ట పాదం దగ్గర ఇన్‌క్లినోమీటర్ గొట్టం దించి వారం వారం చూస్తేనే తెలుస్తుంది. కిందికి కుంగడం నెమ్మదించినా పక్కకు జరగడం ఆగకపోతే, మట్టి గట్టిపడటం లేదు, జారడానికి సిద్ధమవుతోందని అర్థం. అప్పుడు పోయడం ఆపాలి. అవసరమైతే పైనుంచి కొంత తీసేయాలి.

స్వీడన్‌కు చెందిన వాల్టర్ షెల్‌మన్ 1952లో ఇంకో దారి చూపించాడు. వత్తుల మీద అర మీటరు ఇసుక పరిచి, అందులో చిల్లుల గొట్టాలు అమర్చి, పైన పల్చటి పీవీసీ షీటు రెండు మూడు పొరలు కప్పుతారు. షీటు అంచులను చుట్టూ తవ్విన కందకంలో బంకమన్నులోకి దించి పూడ్చేస్తారు. తర్వాత పంపు పెట్టి గాలినీ నీటినీ లాగుతారు. షీటు కింద ఒత్తిడి పడిపోతుంది. పైన ఉన్న గాలి బరువు, రొయ్యల సంచిని బిగించినట్టే, నేలను బిగిస్తుంది. సిద్ధాంతం ప్రకారం 10 టన్నులు రావాలి. సైట్లో మంచి పనితనంతో వచ్చేది 8 టన్నులే. అంటే మన 4.4 మీటర్ల గుట్ట, ఒక్క టిప్పరు గ్రావెల్ కూడా తేకుండా.

ఈ 8 టన్నులను వారం పది రోజుల్లో పూర్తిగా మోపవచ్చు. దశలు అక్కర్లేదు. గుట్ట కిందికి ఎక్కువ, పక్కలకు తక్కువ నొక్కుతుంది కాబట్టి మట్టి పక్కకు జారుతుంది. పీల్చే ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పనిచేస్తుంది. మట్టి బయటికి తోసుకురాదు, లోపలికి దగ్గరవుతుంది. చైనాలోని తియాన్‌జిన్ రేవులో చమురు ట్యాంకుల కోసం 50 వేల చదరపు మీటర్ల స్థలాన్ని ఇలా బాగుచేశారు. 8 టన్నుల వాక్యూమ్ నాలుగు నెలలు ఉంచితే నేల మీటరు దాకా కుంగింది.

మరి గుట్టల కాలం చెల్లిపోయిందా? లేదు. వాక్యూమ్ ఓడిపోయే చోట్లు స్పష్టంగా ఉన్నాయి, అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇసుక పొర. బంకమన్ను మధ్యలో చేతివేలంత మందపు ఇసుకో, గవ్వల పొరో ఉండి అది సముద్రం దాకా సాగితే, పంపు మట్టిలో నీటిని కాదు, సముద్రాన్ని తోడుతుంది. మన ఉదాహరణలో కింద ఇసుక ఉంది కదా, వత్తులు దాన్ని తాకకుండా మీటరు పైనే ఆపాలి. మధ్యలో పొర ఉంటే చుట్టూ బెంటొనైట్ కలిపిన మట్టి గోడను ఆ పొర కంటే లోతుకు దించాలి. చిన్న స్థలానికి ఆ గోడ ఖర్చే పనిని మింగేస్తుంది.

లీకును గుర్తు పట్టడం తేలికే. గేజు 8 దగ్గర నిలవకుండా 5, 6 మధ్య ఊగుతుంది. షీటుకు చిల్లు పడితే నిశ్శబ్దమైన రాత్రివేళ సన్నటి ఈల వినిపిస్తుంది. అందుకే షీటు మీద అడుగు లోతు నీళ్ళు నిలుపుతారు. అది ఎండ నుంచీ కాపాడుతుంది, చిల్లు దగ్గర సుడి కూడా చూపిస్తుంది. మోసం చేసేది మరొకటి. షీటు కింద గేజు 8 చూపిస్తున్నా, నలిగిన వత్తుల అడుగున అంత రాకపోవచ్చు. పైమట్టి గట్టిపడుతుంది, కిందిది మెత్తగానే ఉండిపోతుంది. కుంగుదల రేఖ చదునైందని పంపు ఆపకూడదు. నీటి ఒత్తిడిని కొలవడానికి లోతులో పెట్టిన పీజోమీటర్లు కూడా అదే మాట చెప్పాలి.

పంపు నాలుగు నెలలూ రాత్రింబవళ్ళు నడవాలి. వెయ్యి చదరపు మీటర్లకు 7.5 కిలోవాట్ల పంపు ఒకటి చొప్పున మన స్థలానికి మూడు కావాలి. కరెంటు 65 వేల యూనిట్ల దాకా అవుతుంది. తుఫాను కాలంలో విశాఖలో ఈ పని పెట్టుకుంటే జనరేటర్ కూడా లెక్కలో ఉండాలి. ఇక మట్టి లోపలికి దగ్గరవడం పూర్తిగా మంచిదేమీ కాదు. స్థలం అంచు బయట నేల బీటలు వారుతుంది. అక్కడ పాత గోడలు, పైపులైన్లు ఉంటే అవీ చీలుతాయి. పైళ్ళు ఈసారి ఒడ్డువైపు లాగబడతాయి.

8 టన్నుల పరిమితి కూడా చిన్నది కాదు. ఇదే విశాఖ రేవులో ఇనుప ఖనిజం గుట్టలుంటాయి. పది మీటర్ల గుట్ట చదరపు మీటరుకు 20 టన్నులు దాటుతుంది. అంత బరువుకు నేలను వాక్యూమ్ ఒక్కటే సిద్ధం చేయలేదు. అలాంటి యార్డులో ఖనిజాన్నే దశలవారీగా ఎత్తు పెంచుతూ పోస్తే, సరుకే సర్‌ఛార్జ్ అవుతుంది, తీసేసే ఖర్చూ ఉండదు. నేల మట్టాన్ని ఎలాగూ పెంచాల్సిన చోటా అంతే, పోసిన మట్టి అక్కడే ఉండిపోతుంది. చోటు, సమయం, దగ్గర్లో క్వారీ ఉంటే గుట్టే మేలు. దాన్ని చెడగొట్టడం కష్టం. చిన్న చిల్లుకు గుట్ట బరువు తగ్గదు.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ రేవులో రెండిటినీ కలిపి కొలిచి చూశారు. వాక్యూమ్ కలిపిన చోట మట్టి పక్కకు జరగడం బాగా తగ్గింది. ఒకటి బయటికి తోస్తుంది, ఒకటి లోపలికి లాగుతుంది. పాళ్ళు కుదిరితే అంచు దాదాపు కదలదు.

మన చేపల యార్డుకు నా తీర్పు ఇది: జెట్టీని ఆనుకున్న 15, 20 మీటర్ల పట్టీలో వాక్యూమ్, దాని మీద మీటరో మీటరున్నరో మట్టి. వెనక లారీల వైపు మామూలు గుట్ట. ఉప్పాడ, జువ్వలదిన్నె, నిజాంపట్నం లాంటి మన తీరపు రేవుల్లో నేల కోసం ఇలాంటి నిర్ణయం తీసుకునేవారికి ఒక మనవి. పద్ధతి ఎంచుకునే ముందు, మీటరుకొక నమూనా తీసే బోర్లతో సరిపెట్టుకోకండి. సన్న ఇసుక పొరలు ఆ నమూనాల మధ్య దాక్కుంటాయి. కోన్ పెనెట్రోమీటర్‌ను అంచు పొడవునా దగ్గర దగ్గరగా దించండి. అది ప్రతి రెండు సెంటీమీటర్లకూ మట్టి ఎలా ఉందో చెప్తుంది.