ఒక్క కాగితంలో బారిస్టర్ పార్వతీశం

రాష్ట్రం బయట తెలుగు చదివే మన పిల్లలకు ఉపవాచకం నవల అంటేనే బెదురు. పరీక్ష ముందురోజు పుస్తకమంతా మళ్ళీ తిరగేయడం కుదిరే పని కాదు. అందుకే ఒక్క కాగితంలో సారం రాసుకోవాలి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగంతో అది ఎలాగో చూద్దాం.

కాగితాన్ని మూడు భాగాలు చేయండి. మొదటిది కథకు. ప్రకరణాల వరుసలో రాస్తే కాగితం చాలదు. పార్వతీశం కథ ప్రయాణం కనుక మజిలీలే మేకులు: మొగల్తూరు, నిడదవోలు, మద్రాసు, కొలంబో, ఫ్రాన్సు, ఇంగ్లండు. ఒక్కో మజిలీకి ఒకే వాక్యం. ఇంట్లో చెప్పకుండా బయలుదేరడం తప్పక ఉండాలి. అది లేకపోతే తక్కిన కథే లేదు.

మరి మద్రాసులో ఆడవాళ్ళ టోపీ అని తెలియక కొనుక్కోవడం? అది తీసేసినా అతడు ఇంగ్లండు చేరతాడు. అలాగని వదిలేస్తే నవలలోని నవ్వే పోతుంది. ఇలాంటి సంఘటనలను రెండో భాగంలో, పాత్ర పేరు కింద సాక్ష్యంగా రాయాలి.

పిల్లలు పొరబడేది ఇక్కడే. ఈ కథ చెప్పేది పార్వతీశమే, 'నేను' అంటూ. అతని మాటే నమ్మితే 'తెలివైనవాడు, లోకజ్ఞుడు' అని రాసేస్తారు. అందుకని పాత్ర కింద రెండు వరుసలు గీయించండి. ఒకదానిలో తన గురించి అతడు అనుకునేది, రెండోదానిలో మనకు కనిపించేది. టోపీ విషయం మొదటి వరుసలో దొరబాబు వేషానికి తగిన కొనుగోలు. రెండో వరుసలో తెలియనిది అడగడానికి మొహమాటం. ఆ రెండిటి మధ్య తేడాయే ఈ నవలలోని హాస్యం. పాత్ర స్వభావం అడిగితే రాయవలసిన జవాబూ అదే.

మూడో భాగం గుర్తుంచుకోదగ్గ మాటలకు. నాలుగు చాలు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా ఎక్కించి, ఎవరు, ఎప్పుడు అన్నారో, ఏ పేజీయో పక్కన రాయాలి. సందర్భం లేని వాక్యం పరీక్షలో అక్కరకు రాదు. పైభాగాల్లో 'అతడు' అని రాసినా, ఇక్కడ మాత్రం 'నేను' అలాగే ఉండాలి.

కాగితం పూర్తయ్యాక పుస్తకం మూసి, దాన్ని చూస్తూ అమ్మమ్మకో తాతయ్యకో కథ చెప్పమనండి. వాళ్ళు "అదెందుకు జరిగిందిరా?" అని అడిగినచోట తడబడితే అక్కడ ఒక కారణం తప్పిపోయినట్టే. ఆ ఒక్క మాటా చేర్చితే చాలు.

ఒక్క హెచ్చరిక. ఈ కాగితం పిల్లవాడే రాయాలి, అదీ నవల చదివాకే. మనం రాసిస్తే వాడికి మజిలీల పేర్లు వస్తాయేగాని, పార్వతీశాన్ని చూసి నవ్వు రాదు.