ఏసీలో ఉన్న మిర్చికి లెక్క ఎలా?

గుంటూరు వైపు రెండెకరాల మిర్చి రైతు ఏప్రిల్‌లో లెక్కకు కూర్చున్నాడనుకుందాం. నారు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి, ఎరువుల కొట్టులో అరువుకు పడిన వడ్డీ కలిపి ఖర్చు 4,05,400 రూపాయలు. పండింది 40 క్వింటాళ్లు. యార్డులో 24 క్వింటాళ్లు అమ్మితే కమిషన్ పోను క్వింటాకు 13,000 చొప్పున 3,12,000 వచ్చాయి. ఒక క్వింటా ఇంటికీ, చుట్టాలకూ పోయింది. మిగతా 15 క్వింటాళ్లు ఏసీలో ఉన్నాయి. పిల్లల ఫీజులకూ, ఇంట్లో పెళ్లికీ 1,20,000 వాడాడు. వచ్చిందానికీ పోయిందానికీ తేడా 2,13,400. ‘ఈ ఏడు రెండు లక్షలు మునిగాను’ అంటాడు.

మునగలేదు. కొన్న డీఏపీలో నాలుగు బస్తాలు కొట్టంలోనే ఉన్నాయి. బస్తా 1,350 చొప్పున ఆ 5,400 వచ్చే పంట ఖర్చు. అది తీసేస్తే ఈ పంట ఖర్చు 4 లక్షలు, క్వింటాకు పదివేలు. అమ్మిన 24 క్వింటాళ్లకు అయిన ఖర్చు 2,40,000, వచ్చింది 3,12,000. అంటే లాభం 72,000. ఏసీలో ఉన్నది పదివేల చొప్పున లక్షన్నర సరుకు.

మరి చేతిలో డబ్బెందుకు లేదు? ఇంటికి వాడిన 1,20,000 సాగు ఖర్చు కాదు. ఇంటికి పోయిన క్వింటా మిర్చి పదివేలూ దానితోనే కలుస్తాయి. లాభం 72,000 అయితే ఇల్లు వాడుకున్నది 1,30,000. పైన వాడిన 58,000 అప్పులోంచో, పాత సొమ్ములోంచో వచ్చింది. ఈ 58,000కు సరుకు లక్షన్నర, డీఏపీ 5,400 కలపండి, సరిగ్గా 2,13,400. నాకు ఇందులో భయపెట్టేది ఆ 58,000 ఒక్కటే. ఇంటి వాడకానికి విడి పేజీ లేకపోతే అది పురుగుమందుల ఖర్చులో కలిసిపోయి ఎప్పటికీ కనబడదు.

ఏసీ సరుకుకు విలువ కట్టేటప్పుడు ఆశ పనికిరాదు. అయిన ఖర్చు, ఆ రోజు అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెంటిలో తక్కువది రాయాలి. చేతికొచ్చేది తొమ్మిదివేలకు పడితే సరుకు 1,35,000కూ, లాభం 57,000కూ దిగుతాయి. పదహారువేలకు పెరిగినా అమ్మేదాకా పదివేలే. తాలుకాయకు ధర బాగా తక్కువ కాబట్టి దాన్ని విడిగా కట్టాలి.

రాసే తేదీలోనూ తప్పు జరుగుతుంది. అరువుకు తెచ్చిన మందును బాకీ తీర్చిన రోజు కాదు, తెచ్చిన రోజే రాయాలి. లేకపోతే సెప్టెంబరు మందు ఏప్రిల్ ఖర్చవుతుంది, ఒక్కోసారి మరుసటి పంట మీద పడుతుంది. ఏసీ బాండు మీద తెచ్చిన అప్పును అమ్మకం కింద రాసేవాళ్లూ ఉన్నారు. అప్పు చేతికొచ్చినా సరుకు ఇంకా రైతుదే. దాన్ని అప్పుల పేజీలోనే ఉంచి, సరుకు నిజంగా అమ్మిన రోజు పట్టీ చూసి అమ్మకం రాసుకోవాలి.