ఫోన్ పక్కన పెట్టింది ఎన్నింటికి?

నిద్ర డైరీలో రోజూ రాయాల్సినవి నాలుగు సమయాలు: మంచమెక్కింది ఎప్పుడు, ఫోన్ పక్కన పెట్టి కళ్లు మూసుకున్నది ఎప్పుడు, సుమారుగా నిద్రపట్టింది ఎప్పుడు, లేచింది ఎప్పుడు. రెండోది రాయకపోతే డైరీ దండగ. పొద్దున లేచిన గంటలోపే రాసేయాలి. మధ్యాహ్నం గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క కాదు, ఊహ అవుతుంది. అలాగని రాత్రంతా గడియారం చూస్తూ కూర్చోకూడదు, అంచనా చాలు.

హాస్టల్లో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థి ఒకరి డైరీ ఇలా ఉందనుకుందాం. మంచమెక్కింది 12.30కి, ఫోన్ పెట్టేసింది 1.40కి, నిద్రపట్టింది 2 గంటలకు, లేచింది 7.30కి. మంచం మీద 7 గంటలున్నా నిద్ర ఐదున్నర గంటలే. ఈ వయసుకు కనీసం 7 గంటలు కావాలి. ‘నాకు నిద్రపట్టదు’ అని అతని ఫిర్యాదు. కానీ కళ్లు మూసుకున్న 20 నిమిషాలకే నిద్రపట్టింది, అది మామూలే. 70 నిమిషాలు మింగింది ఫోను.

శని, ఆదివారాల్లో అతను 3 గంటల నుంచి 11.30 దాకా నిద్రపోతాడు. నిద్రకు సరిగ్గా నడిమి సమయం కాలేజీ రోజుల్లో 4.45, సెలవుల్లో 7.15. తేడా రెండున్నర గంటలు. జర్మనీలో టిల్ రోనెబర్గ్ బృందం ఈ తేడాకు ‘సోషల్ జెట్‌ల్యాగ్’ అని పేరు పెట్టింది. మనకూ కువైట్‌కూ ఉన్న సమయం తేడా కూడా అంతే. అంటే అతను వారం వారం కువైట్ వెళ్లొస్తున్నట్టే. సోమవారం మొదటి పీరియడ్‌లో తూగక ఏం చేస్తాడు?

ఈ రాత్రి నుంచే 11కి పడుకుంటానంటే కుదరదు. అలవాటైన నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు ఒళ్లు బాగా మెలకువగా ఉంటుంది. కాబట్టి ముందు సరిచేయాల్సింది లేచే సమయం. సెలవైనా 8.30 దాటకూడదు. లేవగానే అరగంట ఆరుబయట వెలుతురులో తిరగాలి, శరీర గడియారాన్ని ముందుకు జరిపేది అదే. మొదటి వారం పగలు మగతగా ఉంటుంది. తట్టుకోలేకపోతే మధ్యాహ్నం 3 లోపు 20 నిమిషాల కునుకు తీయొచ్చు.

ఇక ఫోన్. మంచానికి అందనంత దూరంలో ఛార్జింగ్ పెట్టి, దాన్ని వదిలే సమయాన్ని మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపాలి. 1.40 నుంచి 12కి రావడానికి ఏడు మెట్లు, అంటే మూడు వారాలు. అప్పటికి 12.20 నుంచి 7.30 దాకా 7 గంటల 10 నిమిషాల నిద్ర చేతికొస్తుంది. రాత్రి 9 గంటల కాఫీ మాత్రం మానాలి. అందులోని కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే 2 దాకా.

మధ్యలో నిద్రపట్టడానికి 40 నిమిషాలు పడుతోందని డైరీ చెబితే తొందరపడ్డట్టే. ఆ మెట్టు మీదే ఇంకో మూడు రోజులు ఆగాలి. ఫోన్ లేకపోయినా వారానికి మూడు రాత్రులు అరగంటకు పైగా దొర్లుతూ, అలా మూడు నెలలు గడిస్తే అది అలవాటు సమస్య కాదు. ఆ డైరీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.