ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా?

పక్షవాతం వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగుడు దెబ్బతింటుంది. గుక్కెడు నీళ్లు తాగినా పొలమారుతుంది. కొందరికి ఆ పొలమారడం కూడా ఉండదు, అదే అసలు ప్రమాదం. గొంతులో స్పర్శ మొద్దుబారితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా దగ్గు రాదు. ఇంట్లోవాళ్లు బాగానే మింగుతున్నాడనుకుంటారు, వారం తిరిగేలోపు న్యుమోనియాతో మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కుతారు. అందుకే ముందు ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేస్తారు. కొన్నాళ్లకు డాక్టరు ఇంకో మాట అంటారు: పొట్టకు చిన్న రంధ్రం చేసి పెగ్ ట్యూబ్ పెడదామని. ఆ మాట వినగానే చాలా ఇళ్లలో పెద్దాయన పని అయిపోయిందన్న భావం కలుగుతుంది. నిజానికి అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ మింగుడు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?

పెగ్ అంటే పెద్ద ఆపరేషన్ కాదు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గౌడరర్ అనే పిల్లల సర్జన్, పాన్‌స్కీ అనే ఎండోస్కోపీ నిపుణుడు కలిసి, పొట్ట కోయకుండా ఒక పసిబిడ్డకు ఈ గొట్టం అమర్చారు. నేటికీ పద్ధతి ఇంచుమించు అదే. నోట్లోంచి ఎండోస్కోపు కడుపులోకి పంపుతారు. దాని వెలుగు పొట్ట చర్మం మీద కనబడిన చోట సూది గుచ్చి, దారం లోపలికి వదిలి, ఆ దారంతో గొట్టాన్ని నోటి గుండా లాగి బయటికి తెస్తారు. లోపల ఒక బిళ్ల, బయట ఒక బిళ్ల, మధ్యలో గొట్టం. మత్తు స్వల్పంగానే ఇస్తారు. అంతా అరగంటలోపు పని. కొన్ని గంటల తర్వాత ఆహారం మొదలుపెట్టవచ్చు.

ఇంత సులువైతే మొదటి వారంలోనే ఎందుకు పెట్టకూడదు? దీన్ని పరీక్షించి చూశారు. పక్షవాతం వచ్చిన 321 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తొలి రోజుల్లోనే పెగ్, రెండో గుంపుకు ముక్కు గొట్టం పెట్టారు. 2005లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పెగ్ పెట్టిన వాళ్లలో చనిపోయిన, లేక తీవ్రంగా మంచం పట్టిన వాళ్లు నూటికి 8 మంది దాకా ఎక్కువగా తేలారు. అంకెల లెక్కలో అది అంచుమీది తేడాయే అయినా, తొందరపడితే లాభం లేదని మాత్రం తేల్చింది. పైగా మింగుడు పోయిన వాళ్లలో ఎక్కువమందికి మొదటి రెండు మూడు వారాల్లోనే అది తిరిగి వస్తుంది. అందుకే నాలుగు వారాలు, ఆపైన కూడా గొట్టం అవసరమవుతుందని తోచినప్పుడే, అదీ రోగి నిలకడపడ్డాకే, పెగ్ గురించి ఆలోచించమని మార్గదర్శకాలు చెబుతాయి.

ఇలాంటి ఇళ్లలో మాటిమాటికీ కనిపించే తీరును ఒక పెద్దాయన కథగా చెప్పుకుందాం. 66 ఏళ్లు, బస్సు నడిపి రిటైరైన మనిషి. కుడి పక్క పడిపోయింది, మాట తడబడింది, మింగుడు పోయింది. రెండో వారంలోనే పెగ్ పెట్టి పంపిస్తామన్నారు ఒక ఆస్పత్రిలో. కొడుకు ఒప్పుకోలేదు. రైల్స్ ట్యూబ్‌తోనే ఇంటికి తీసుకెళ్లారు. ఇంట్లో ఆయన ఆ గొట్టాన్ని మూడుసార్లు పీకేసుకున్నాడు. పీకినప్పుడల్లా మళ్లీ వేయించేదాకా పూటో, రోజో పస్తు.

నాలుగో వారం చూపించడానికి వచ్చినప్పుడు డైటీషియన్ మొదట అడిగింది బరువు. నిలబడలేని మనిషిని ఎలా తూచాలి? కొడుకు తండ్రిని ఎత్తుకుని కాటా ఎక్కాడు, తర్వాత ఒక్కడే ఎక్కాడు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 57 కిలోలు. పక్షవాతానికి ముందు 64. ఎత్తు 168 సెంటీమీటర్లు కాబట్టి బీఎంఐ 20 పైనే ఉంది. దాన్ని మాత్రమే చూస్తే ఏ లోటూ లేదనిపిస్తుంది. కానీ నెలలో పోయింది 7 కిలోలు, అంటే నూటికి 11 వంతులు. ఆర్నెల్లలోపు పదో వంతు బరువు తగ్గితేనే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. ఎత్తుకునే వాళ్లు లేకపోతే టైలర్ టేపు చాలు. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత 23.5 సెంటీమీటర్లకు తగ్గితే మనిషి చిక్కిపోయినట్టే. రక్తంలో ఆల్బుమిన్ తగ్గింది కాబట్టి తిండి చాలలేదని కొందరు తీర్పు చెప్పేస్తారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆల్బుమిన్ పడిపోతుంది కాబట్టి దాన్నిబట్టి పోషణను అంచనా వేయకూడదు. దానికి వేరే ఉపయోగం ఉంది. ఆల్బుమిన్ బాగా తక్కువగా, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లకు పెగ్ తర్వాత నెలలో ప్రాణాపాయం ఎక్కువ. అలాంటప్పుడు ముందు ఇన్ఫెక్షన్ తగ్గించుకోవడం మేలు.

డైటీషియన్ తర్వాత గొట్టంలో ఏం పోస్తున్నారో రాయించుకుంది. రోజుకు ఆరుసార్లు, ఒక్కోసారి గ్లాసుడు. రెండుసార్లు పాలు, రెండుసార్లు పల్చటి రాగిజావ, ఒకసారి వడగట్టిన పప్పుకట్టు, ఒకసారి కొబ్బరి నీళ్లు. ఆరు పూటలంటే కడుపు నిండా పెడుతున్నట్టే ఉంటుంది. కేలరీలు కూడితే మాత్రం ఐదారు వందలు, ప్రోటీన్ 20 గ్రాములకు అటూ ఇటూ. ఆయనకు కావలసింది కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీల లెక్కన 1400 నుంచి 1700. ప్రోటీన్ 70 గ్రాములకు దగ్గరగా. అంటే మనిషి చిక్కింది పెగ్ లేనందుకు కాదు, గొట్టం పొడవునా నీళ్లే వెళ్తున్నందుకు. అదే జావ పొట్ట గొట్టంలో పోసినా అంతే జరిగేది. నన్నడిగితే పెగ్ మాటెత్తకముందు ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క ఒకసారి వేయాలి.

లోటు తెలిసింది కదా అని మర్నాడే 1700 ఎక్కించకూడదు. వారాల తరబడి పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకని బీ1 విటమిన్ ఇచ్చి, సగంతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ కొన్ని రోజుల్లో పెంచారు.

ఇక మింగుడు సంగతి. ముక్కులోంచి సన్నటి కెమెరా దించి చూస్తే గొంతులో లాలాజలం నిలిచిపోయి ఉంది. రంగు కలిపిన నీళ్లు దగ్గు లేకుండానే శ్వాసనాళంలోకి జారాయి. చెంచా చివర పెట్టిన పెరుగు మాత్రం రెండు మూడు గుటకల్లో దిగింది. పూర్తిగా పోలేదు, కానీ వారాల్లో వచ్చేదీ కాదు, నెలలు పట్టవచ్చని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. పెగ్ గురించి గట్టిగా ఆలోచించాల్సిన సమయం అప్పుడొచ్చింది.

డాక్టరు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టారు. మొదటి ప్రశ్న ఆయన భార్యది. "ఇక నోటికి రుచన్నది ఉండదా డాక్టరు గారూ?" "ఉంటుందమ్మా. థెరపిస్టు ఒప్పుకున్నంత మేరకు చెంచాడు పెరుగు, మెత్తటి ముద్ద పెట్టుకోవచ్చు. కడుపు నింపే పని గొట్టానిది, రుచి నోటిది." కొడుకు అడిగాడు, "పెగ్ పెడితే మళ్లీ న్యుమోనియా రాదుగా సార్?" ఆ మాటకు డాక్టరు అడ్డంగా తలూపారు. సొంత లాలాజలం జారుతూనే ఉంటుంది, కడుపులోది పైకి తన్నుకొస్తుంది. పెగ్ వాటిని ఆపదు. పోసేటప్పుడూ, ఆ తర్వాత అరగంట నుంచి గంటా తల వైపు ఎత్తి కూర్చోబెట్టడం, రోజూ నోరు శుభ్రం చేయడం, వీటివల్లే న్యుమోనియా కొంత తగ్గుతుంది. న్యుమోనియా భయంతోనే పెగ్ పెట్టించుకుంటే తర్వాత మోసపోయామనిపిస్తుంది.

ఆపదల గురించీ దాచకుండా చెప్పారు. ఎక్కువగా వచ్చేది గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడి చీము పట్టడం. దానికి ముందుగానే ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. రక్తస్రావం, పేగుకు గాయం, కడుపులోది పొట్ట లోపల ఒలికి ఇన్ఫెక్షన్ కావడం అరుదు, వస్తే మాత్రం ప్రాణాంతకం. ఈ పెద్దాయన విషయంలో ఇంకో చిక్కుంది. ఆయన రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నాడు. అది ఆపకపోతే రక్తస్రావం కావచ్చు, ఐదు నుంచి ఏడు రోజులు ఆపితే ఆ సందులో మళ్లీ పక్షవాతం రావచ్చు. అలాంటి నిర్ణయం ఎండోస్కోపీ డాక్టరు ఒక్కరే తీసుకోకూడదు. న్యూరాలజిస్టును అడిగి, ఆస్పిరిన్ కొనసాగిస్తూ క్లోపిడోగ్రెల్ ఆపారు.

అందరూ మాట్లాడాక మంచం మీద మనిషిని అడిగారు. మాట రాకపోయినా ఆయనకు అర్థమవుతుంది. రెండు గొట్టాలూ చేతికిచ్చి చూపించారు. ఆయన ముక్కు గొట్టాన్ని ఎడమ చేత్తో తోసేసి, పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. కేసు షీటులో డాక్టరు నాలుగు విషయాలు రాశారు: పెగ్ ఎందుకు పెడుతున్నారో, రోగి ఏం కోరాడో, ఇంట్లో రోజూ ఎవరు పోస్తారో, మూడు నెలలకు మింగుడు మళ్లీ పరీక్షించి గొట్టం ఉంచాలో తీయాలో తేల్చాలని. ఈ చివరి మాటే చాలా చోట్ల రాయరు. రాయకపోతే అక్కర తీరిన గొట్టం కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఈ లెక్కలన్నీ పక్షవాతానివి. మోటార్ న్యూరాన్ జబ్బులో లెక్క తిరగబడుతుంది. అక్కడ మింగుడు తిరిగి రాదు, ఊపిరి కూడా తగ్గుతూ పోతుంది. ఊపిరితిత్తుల సామర్థ్యం సగానికి పడిపోక ముందే, బరువు పదో వంతు తగ్గక ముందే పెగ్ పెట్టించుకోవడం మంచిది. ఆలస్యమైతే మత్తు ఇవ్వడమే ప్రమాదం. ముదిరిన మతిమరుపు జబ్బులో గొట్టం ఆయుష్షు పెంచుతుందని రుజువు కాలేదు, న్యుమోనియాను తగ్గిస్తుందనీ రుజువు కాలేదు. అక్కడ చేత్తో ఓపికగా, ఆ మనిషి తిన్నంతే తినిపించడం మేలని వైద్య సంఘాలు చెబుతున్నాయి. అది పస్తు పెట్టడం కాదు.

పెద్దాయనకు ఆరో వారంలో పెగ్ పడింది. మధ్యలో ఒకసారి న్యుమోనియా వచ్చింది. మూడు నెలలకు 60 కిలోలు తూగాడు, మెత్తటి అన్నం కొద్దిగా మింగుతున్నాడు, నీళ్లు మాత్రం ఇంకా గొట్టంలోనే.

గొట్టంతో ఇంటికెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. మొదటి నెలలో గొట్టం ఊడి వస్తే మీరు తోయవద్దు, నర్సుతోనూ తోయించవద్దు. దారి ఇంకా గట్టిపడి ఉండదు, గొట్టం కడుపులోకి కాక పొట్ట ఖాళీలోకి పోవచ్చు. ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నెలలు గడిచాక ఊడినా ఆలస్యం చేయవద్దు, రంధ్రం గంటల్లోనే పూడుకుపోతుంది.